రెప్ప వేస్తే పై రెప్ప కింది రెప్పలోంచి బయటికొస్తోంది, ఎలా సరిచేయాలి?

యూనిటీలో చిన్న గేమ్ చేస్తున్నా, అందులో టీ కొట్టు ముందు ఊరికే నిలబడే ముసలాయన ఒకాయన ఉంటాడు. ఐడిల్ క్లిప్ 5 సెకన్లే, చూసిందే చూస్తే బొమ్మలా ఉన్నాడని దాని మీద కోడ్‌తో ఊపిరి, చూపు, రెప్పపాటు మూడు లేయర్లుగా వేశా.

ఊపిరికి ఛాతీ ఎముక ఒక డిగ్రీ ఊగితే చాలు, అది కుదిరింది. చూపు దగ్గరే తిప్పలు పడ్డా. మొదట మెల్లగా స్మూత్ చేస్తే తాగినోడి కళ్లలా తేలాయి. రెండు మూడు ఫ్రేముల్లో టక్కున దూకించి, అర నుంచి రెండు సెకన్లు అక్కడే ఆపితే ప్రాణం వచ్చింది. కానీ కాసేపటికి గుడ్లు నుదుట్లోకి ఎక్కేశాయి! క్లిప్‌లో కంటి ఎముకలకు కీలు లేవు కాబట్టి నేను కలిపే కోణం ప్రతి ఫ్రేమూ పోగవుతోందట. `LateUpdate`లో ఇలా రాస్తే తగ్గింది:

```
eye.localRotation = rest * offset;
```

ఇప్పుడు మిగిలింది రెప్పే. 2 నుంచి 6 సెకన్లకోసారి, మూసేది చకచకా, తెరిచేది కాస్త నిదానంగా పెట్టా. మామూలప్పుడు బానే ఉంది. ఆయన నవ్వినప్పుడు క్లిప్‌లో కన్ను చికిలించే షేప్ 40 దాకా వెళ్తుంది, అదే సమయంలో రెప్ప షేప్ 100 అయితే రెండూ కలిసి పై రెప్ప కింది దాన్ని దాటిపోతోంది. రెండూ వేర్వేరు షేపులు, అందుకే పెద్దది తీసుకునే `Mathf.Max` ఇక్కడ పనికిరాదు. చికిలింపు ఎంతుంటే అంత రెప్పలో తగ్గిస్తే కొన్నిసార్లు సన్నగా తెల్లగుడ్డు కనిపిస్తోంది.

రెండూ కలిసినప్పటి కోసం బ్లెండర్‌లో ఇంకో దిద్దుబాటు షేప్ చేయాల్సిందేనా, లేక రెప్ప పడే ఆ కాసేపు చికిలింపునే తగ్గిస్తే సరిపోతుందా? చేసినవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.