శాతం తగ్గింపా, శాతానికి తగ్గింపా?

అనువాదకురాలు: ఎక్కడో చదివిన వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. «2020తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను 42 శాతానికి తగ్గిస్తాం.» ఇప్పుడు ఒక సిమెంటు కంపెనీ సుస్థిరత నివేదికను తెలుగు చేస్తూ నేనూ అలాగే రాసేశాను. ఆ «కి» ఉండాలా, పోవాలా?

మాస్టారు: కూరగాయల బండి దగ్గర నిలబడండి. కిలో యాభై రూపాయల వంకాయల మీద «పది తగ్గించాను» అంటే నలభై ఇస్తారు. «పదికి తగ్గించాను» అంటే పదే ఇస్తారు. వ్యాకరణం ఇక్కడితో సరి.

లెక్కల మనిషి: 2020లో పది లక్షల టన్నులు అనుకోండి. 42 శాతం తగ్గితే 5,80,000 మిగులుతాయి. 42 శాతానికి తగ్గితే 4,20,000. ఒక్క అక్షరం 1,60,000 టన్నులు మింగింది.

పాత పాఠకుడు: మరి «42 శాతానికి పైగా తగ్గిస్తాం» అంటే? అక్కడ «కి» ఉంది, అయినా తీసివేతే. మాస్టారి బండి అక్కడ ఆగిపోయింది.

మాస్టారు: ఆ «కి» పైగా కోసం వచ్చింది, తగ్గించడం కోసం కాదు.

పదాల పిచ్చివాడు: మీరంతా «కి» పట్టుకుని వేలాడుతున్నారు. ఉద్గారం అంటే త్రేన్పు కదా! ఫ్యాక్టరీ త్రేన్చుతుందా? తిక్కన ఉంటే చక్కటి తెలుగు మాట ఒకటి తీసేవాడు. «విడుదల» చాలదా?

అనువాదకురాలు: పెట్టి చూశాను. «విడుదలల నివేదిక విడుదల» అని వచ్చింది. పైగా పాత నివేదికలో ఒకే అంకెను మూడుచోట్ల ఉద్గారాలు, విడుదలలు, కాలుష్యం అన్నారు. చదివేవారు మూడు వేరువేరు లెక్కలనుకుంటారు.

సిమెంటు ఇంజినీరు: అసలు ఆ 42 శాతం మొత్తం టన్నుల మీదా, టన్ను సిమెంటుకు లెక్కా? రెండోదైతే కష్టమే. టన్నుకు 20 శాతం తగ్గి, ఉత్పత్తి సగం పెరిగితే మొత్తం 20 శాతం పెరుగుతుంది. సున్నపురాయిని కాల్చడంలోనే బొగ్గుపులుసు వాయువు వస్తుంది, ఇంధనం మార్చినా అది పోదు. 2005తో పోలిస్తే 2030 నాటికి 45 శాతం అన్న మన దేశపు హామీ కూడా జీడీపీలో యూనిట్‌కు లెక్కే. దాన్ని «ఉద్గారాలు 45 శాతం తగ్గిస్తాం» అని రాసేస్తే అర్థమే మారిపోతుంది.

పాత పాఠకుడు: దానికి «ఉద్గార తీవ్రత» అనే మాట ఉంది.

సిమెంటు ఇంజినీరు: మా కార్మికులకు చదివి వినిపిస్తే, తీవ్రత అంటే పొగ ఘాటు అనుకున్నారు. «టన్ను సిమెంటుకు వెలువడే ఉద్గారాలు» అన్నాకే తలలూపారు.

అనువాదకురాలు: పట్టిక చూశాను. మొత్తం మీదే. 2030 గడిలో ఉన్నది 2020 అంకెలో 58 శాతం. కాబట్టి «కి» పోయింది. «42 శాతం మేర» అందామా?

మాస్టారు: మేరా? మా తాతగారి కళ్లంలో మేర అంటే వడ్రంగికీ కమ్మరికీ కొలిచిచ్చే ధాన్యం.

పదాల పిచ్చివాడు: మేర అంటే హద్దు కూడా. ఆ మాట మీద వేరే చర్చ పెట్టండి, నేను వస్తాను.