శనివారం సభ పనులు: హాలు వాళ్లకి సారాంశం ఈ రాత్రికే కావాలి

సుజాత: పోయినేటి జమాఖర్చుల సారాంశం ఒక పేజీ రాత్రి 10 లోగా పంపకపోతే బుకింగ్ రద్దంటున్నారు హాలు వాళ్లు. పార్కింగ్, మైకులు, బ్యాడ్జీలు ఎవరివో నిన్ననే పెట్టాను, చూసుకోండి. సారాంశం నేను రాస్తాను గానీ, స్లైడ్ల పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఇలా వస్తోంది: హాలు అదె్ద చెలి్లంపు, మైకుల ఖరు్చ.

మురళి: తెలుగు ఫాంట్ లేదేమో అక్కా. వేసుకుంటే పోతుంది.

సుజాత: రెండు వేశాను. అదే తంతు.

పద్మ: మొన్న నా ఆహ్వానానికీ ఇదే అయింది. పేజీ నిండా `à°¤à±†` అని.

కిరణ్: అది వేరే జబ్బు పద్మగారూ. అక్కడ UTF-8ని ఇంకో కోడ్ అనుకుని చదివారు. ఇక్కడ అక్షరాలు తెలుగువే, వరస తప్పింది. ‘ల్లి’ని గీసేటప్పుడు ముందు ‘లి’ బొమ్మ, ఆ తర్వాత కింద వత్తు పడుతుంది. కాపీ కూడా ఆ వరసలోనే వచ్చింది. మనం టైపు చేసేదేమో ల, పొల్లు, ల, చివర గుడి. ఫాంట్ మారిస్తే ఆ తప్పే ఇంకో రూపంలో కనిపిస్తుంది, అంతే. అసలు పీపీటీ ఉంటే ఈ గొడవే లేదు. రఘు అన్నా?

రఘు: లేదు, లాప్‌టాప్ మార్చినప్పుడు పోయింది. ఏటా ఆ స్లైడ్లు నేనొక్కణ్ణే చేశాను, ఒక్కరైనా కాపీ దాచుకున్నారా?

సుజాత: నిన్నెవరూ అనలేదు రఘూ. ఇప్పుడు 8 అయింది.

కిరణ్: గుణింతపు గుర్తు తర్వాత పొల్లు రావడం సరైన తెలుగులో ఉండదు. కాబట్టి ఆ జంట కనబడిన చోటల్లా గుణింతపు గుర్తును వత్తు తర్వాతికి జరిపితే చాలు.

```python
import re
s = re.sub(r'([\u0C3E-\u0C4C])((?:\u0C4D[\u0C15-\u0C39])+)',
           r'\2\1', s)
```

చివర ప్లస్ ‘స్త్రీ’ లాంటి రెండు వత్తుల వాటి కోసం.

సుజాత: అద్దె, చెల్లింపు, ఖర్చు అన్నీ వచ్చేశాయి! కానీ 9వ స్లైడ్‌లో ‘అని రసీదులూ అందాయి’ అనుంది. ఏం అని?

కిరణ్: ‘అన్ని’ అయ్యుంటుంది. అక్కడ వత్తు పూర్తిగా రాలిపోయింది. ఆ వత్తు బొమ్మ ఏ అక్షరమో పీడీఎఫ్‌లో రాసి లేకపోతే ఇలాగే అవుతుంది. ‘అని’ కూడా మాటే కాబట్టి కోడ్ పట్టుకోలేదు. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

రఘు: 9, 11 నేను ఫోన్‌లో చదువుతాను, నువ్వు టైపు చెయ్యి సుజాతా. ఇందాక నోరు జారాను.

మురళి: మైకుల వాడికి రేపు చెప్తాలే. ఆ రెండూ నేను సరిచూస్తాను.

సుజాత: 9:50కి పంపాను. 11లో ఒక గడి చూసినా అర్థం కాలేదు, తీసేశాను.

పద్మ: మరి నా ఆహ్వానం ఆ కోడ్‌తో బాగవుతుందా?

కిరణ్: దానితో కాదండీ. వెనక్కి తిప్పే దారి వేరు, అందులోనూ పొల్లు చిక్కే. పొల్లులోని చివరి బైటు 8D, విండోస్ 1252లో దానికి అక్షరమే లేదు. కాపీలో అది జారిపోయుంటే వత్తులు మళ్లీ రావు. అసలు మెయిల్ ఉందా?