ఖర్చులు పోను సగం అంటే, ఏ ఖర్చులు పోను?

నాగలి: పొలం పాలికి తీసుకున్నాను. ఖర్చులు పోను మిగిలినదాంట్లో సగం యజమానికి అని మాట. ఇప్పుడు మా ఇంటివాళ్లు చేసిన పనికి కూలీ లెక్కలోకి రాదంటున్నారు. న్యాయమేనా? దీనికంటే మొత్తం అమ్మకంలో వాటా పెట్టుకోవడమే మేలా?

గట్టుమీద: మొత్తంలో వాటాయే మేలు. తూకం చీటీ చూసి పంచుకుంటే అయిపోతుంది, బిల్లుల గొడవే ఉండదు.

సాగులెక్క: గొడవ ఉండదు గానీ పంట తగ్గుతుంది. ఇంకో 6,000 ఎరువుకు పెడితే 10,000 పంట ఎక్కువ వస్తుందనుకోండి. మొత్తంలో సగం ఇచ్చేవాడికి దక్కేది 5,000. వెయ్యి నష్టానికి ఎవరు చల్లుతారు? ఖర్చులు పోను పంచితే మిగిలిన 4,000లో చెరో 2,000. అప్పుడు చల్లుతాడు.

పాతకాపు: మాకు పండినా పండకపోయినా ఇంత అని కట్టాల్సిందే. మీరే నయం.

సాగులెక్క: అది కట్టుకౌలు, ఆ లెక్క వేరండీ. నాగలి గారూ, కలుపు తీయడానికి కూలీలను పెట్టి 8,000 ఇస్తే అది ఖర్చులో పడుతుంది, సగం భారం యజమానిదే. అదే పని మీ ఇంటివాళ్లు చేస్తే ఏమీ పడదు, పైగా దానివల్ల పెరిగిన పంటలో సగం ఆయనకే. అలాగైతే మీరు ఇంట్లో కూర్చుని కూలీలను పిలవడమే లాభం! అందుకే ఇంటి పనికీ బయటి కూలీ రేటు కట్టాలి. కాకపోతే ఏ రోజు ఎంతమంది, ఏ పనికి అన్నది అదే రోజు రాసి ఆయనకు చూపించండి. పంట అమ్మాక రాసిన రోజులను ఎవరూ నమ్మరు.

గట్టుమీద: బిల్లు వెయ్యి పెంచి రాస్తే ఐదొందలు రాసినవాడి జేబులోకే. సగం వాడిన మందు పక్క పొలానికి వెళ్లినా తెలియదు. ఎకరాకు ఇంత ఖర్చు అని ముందే ఖరారు చేసుకుంటే పోతుంది కదా.

సాగులెక్క: దొంగ బిల్లులు ఆగుతాయి, నిజమే. కానీ ఆ ఖరారు మొత్తం దాటాక పెట్టే ప్రతి రూపాయీ మళ్లీ పాలుదారు ఒక్కడిదే. తెగులు వచ్చిన ఏడాది ఇంకో మందు కొట్టడానికి వెనకాడతాడు. నేనైతే విత్తనం, దుక్కి లాంటి ముందే తెలిసినవాటికి ఖరారు పెట్టి, ఎరువు, పురుగుమందు మాత్రం ఇద్దరూ కలిసి కొనమంటాను. మిగిలిన సంచులు కోతకు ముందే లెక్కపెట్టుకోవాలి.

భూమికాగితం: నేను యజమానినే. అమ్మకం కంటే ఖర్చే ఎక్కువైతే? భూమి నాది, డబ్బు పెట్టింది ఆయన. నా వాటా సున్నా, అంతే.

నాగలి: లాభం వస్తే సగం మీది, నష్టం మొత్తం మాదా? ఆ లోటును వచ్చే పంట ఖర్చులో కలపాలి.

భూమికాగితం: వచ్చే పంటకు మీరే ఉంటారని ఏముంది? కొత్తగా వచ్చినవాడితో మీ లోటు తీర్పించమంటారా?

సాగులెక్క: అందుకే లోటు సంగతి విత్తనం పడకముందే తేల్చుకోవాలి. మూడేళ్ల ఒప్పందమైతే కలపొచ్చు. ఒక్క పంటకే అయితే ఆ నష్టం మోసినందుకు యజమాని వాటా సగం కంటే తగ్గాలి.

భూమికాగితం: తగ్గడానికి నేను ఒప్పుకోను.