జవాబుల పేజీలో మెథియోనిన్, నాకేమో టైరోసిన్. ఎక్కడ తప్పుతోంది?

కొత్తకలం:
మూడు గంటల నుంచి ఇదే పని. మా అబ్బాయి బయాలజీ వర్క్‌షీట్ ఫొటో పెట్టాను, కింద కోడాన్ పట్టిక కూడా కనిపిస్తుంది చూడండి. మొదటి ప్రశ్న రెప్లికేషన్, రెండోది ట్రాన్స్‌క్రిప్షన్, మూడోది ట్రాన్స్‌లేషన్. ఎన్నిసార్లు చేసినా నాకు టైరోసిన్‌తో మొదలై ఐదు అమైనో ఆమ్లాలు వస్తున్నాయి. వెనక పేజీలో జవాబు మెథియోనిన్‌తో మొదలవుతుందని, మొత్తం నాలుగేనని ఉంది. 15 అక్షరాలను మూడు మూడుగా విడగొడితే ఐదే కదా! అచ్చుతప్పే అయ్యుంటుంది. ఎవరైనా ఒకసారి అవునంటే పడుకుంటాను.

ముక్తసరి:
అచ్చుతప్పు కాదు. ఫొటోలో ఎడమ అంచు తెగిపోయింది. అక్కడేముంది?

కొత్తకలం:
అక్కడేముంటుందండీ, మార్జిన్ గీత. అక్షరాలన్నీ ఫొటోలో ఉన్నాయి. అయినా మళ్లీ టైపు చేస్తున్నాను:

```
TAC CGA TTC ACG ATT
```

చుక్కలరాత్రి:
నాకూ ఇలాగే అయింది! నా దగ్గరున్నది గుండ్రటి పట్టిక. బయటి నుంచి లోపలికి చదువుకుంటూ వెళ్లి వారం రోజులు అన్నీ తప్పులే రాశాను. నడిమి నుంచి బయటికి చదవాలట, ఎవరూ చెప్పలేదు. మీది కూడా అదే అయ్యుంటుంది.

కొత్తకలం:
నాది చదరపు పట్టిక. ఫొటోలో ఉందిగా.

చుక్కలరాత్రి:
అయ్యో, ఫోన్‌లో సరిగా కనపడలేదు. చదరంలోనూ అదే గొడవ ఉందండోయ్. మొదటి అక్షరం ఎడమ పక్క, రెండోది పైన, మూడోది కుడి పక్క. మా చెల్లి ముందు పైన చూసేది. GCU బదులు CGU గడిలో పడేది, అలనిన్ రావాల్సిన చోట ఆర్జినిన్ రాసేది.

వేగుచుక్క:
పట్టిక కాదండీ సమస్య. కొత్తకలం గారు యాంటీకోడాన్లతో పట్టిక చూస్తున్నారు. UAC అంటే టైరోసిన్, నిజమే, కానీ ఇక్కడ UAC అనేది టీఆర్ఎన్ఏ మీద ఉండే యాంటీకోడాన్. పట్టిక ఎప్పుడూ ఎంఆర్ఎన్ఏ కోడాన్లతోనే చూడాలి. నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే.

కొత్తకలం:
నేను టీఆర్ఎన్ఏ దాకా వెళ్లనే లేదు! అది నాలుగో ప్రశ్న. నేను రాసిన ఎంఆర్ఎన్ఏ ఇదీ:

```
UAC CGA UUC ACG AUU
```

టైరోసిన్, ఆర్జినిన్, ఫినైల్ అలనిన్, త్రియోనిన్, ఐసోల్యూసిన్. పట్టికలో నాలుగుసార్లు వేలు పెట్టి చూసుకున్నాను.

ముక్తసరి:
ఇచ్చిన వరుసలో T తీసి U పెడితే ఇదే వస్తుంది. రెండుసార్లు తిరగేశారు.

కొత్తకలం:
అర్థం కాలేదు.

సూక్ష్మదర్శిని:
నేను చెబుతాను. మీరు మొదటి ప్రశ్నకు ఏం రాశారో ఊహించగలను. ఇచ్చిన పోగుకు ఎదురు పోగు అడిగారు, A కి T, G కి C చొప్పున ఇలా రాసుంటారు:

```
ATG GCT AAG TGC TAA
```

ఇంతవరకు సరే. తర్వాత రెండో ప్రశ్నకు ఎంఆర్ఎన్ఏ రాయడానికి కంటి ముందున్న వరుసనే తీసుకున్నారు, అంటే మీరు ఇప్పుడే రాసిన దాన్ని. దానికి మళ్లీ ఎదురు రాస్తే తిరిగి మొదటి వరుసకే వస్తారు, కాకపోతే T ల చోట U లు ఉంటాయి. వర్క్‌షీట్‌లో ఒక జవాబు కింద ఇంకో ఖాళీ ఉండేసరికి ఇది దాని కొనసాగింపు అనిపిస్తుంది. నిజానికి రెండు ప్రశ్నలూ ఒకే పోగు మీద విడివిడిగా అడిగినవి. కణంలో కూడా రెప్లికేషన్ వేరే సందర్భం, ట్రాన్స్‌క్రిప్షన్ వేరే సందర్భం, ఒకటయ్యాక రెండోది అని వరుస లేదు.

వేగుచుక్క గారి అనుమానం ఎందుకు నిజంలా కనిపించిందో కూడా చూడండి. యాంటీకోడాన్లు ఎంఆర్ఎన్ఏకి ఎదురు అక్షరాలు, కాబట్టి అవీ అదే UAC, CGA వరుసలో వస్తాయి. రెండు వేర్వేరు తప్పులకు ఒకే తప్పు జవాబు! జవాబు చూసి తప్పు ఎక్కడుందో చెప్పలేం, మధ్యలో రాసిన వరుస చూస్తేనే తెలుస్తుంది.

ఇక ఆ పట్టిక సంగతి. అందులో మొట్టమొదట తెలిసిన గడి UUU. 1961లో నిరెన్‌బర్గ్, మథాయ్ అచ్చంగా U లే ఉన్న ఆర్ఎన్ఏని కణాలు లేని ద్రావణంలో వేస్తే ఫినైల్ అలనిన్ గొలుసు వచ్చింది. మిగతా గడులు నింపడంలో హరగోవింద్ ఖొరానా

కొత్తకలం:
సార్, చరిత్ర రేపు చదువుకుంటాను. మీరు ఊహించింది నిజమే, పై వరుస చూసే రాశాను. మరి ఏ వరుస నుంచి రాయాలి?

వేగుచుక్క:
అంత కష్టమెందుకు? ఇచ్చిన వరుసలో T లన్నీ U లు చేసెయ్యండి, ఎంఆర్ఎన్ఏ వచ్చేస్తుంది. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

ముక్తసరి:
ఆ పనే చేసినట్టుంది ఆయన వరుస. అందుకే తప్పొచ్చింది. ఇచ్చింది కోడింగ్ పోగైతే మీ చిట్కా పనిచేస్తుంది. టెంప్లేట్ పోగైతే పనిచేయదు.

అచ్చతెనుగు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ తికమకంతా పేర్ల వల్లే. టెంప్లేట్ అనకుండా 'మూస పోగు' అనండి, పిల్లలకు వెంటనే తెలుస్తుంది: మూసలో ఉన్నదానికి ఎదురుగా అచ్చు పడుతుంది. ట్రాన్స్‌క్రిప్షన్‌కు అనులేఖనం, ట్రాన్స్‌లేషన్‌కు అనువాదం అని మన పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అనులేఖనం అంటే అదే లిపిలో నకలు, అనువాదం అంటే భాషే మారడం. మాటలోనే పాఠమంతా ఉంది.

వేగుచుక్క:
అదే లిపి అయితే T వెళ్లి U ఎందుకొచ్చిందండీ?

అచ్చతెనుగు:
ఒక్క అక్షరం మారితే లిపి మారినట్టా? మనమూ బండి ర రాయడం మానేశాం. అయినా తెలుగు లిపే కదా.

చుక్కలరాత్రి:
😄 బండి ర దాకా వెళ్లిపోయాం.

ముక్తసరి:
కొత్తకలం గారూ, ఎడమ అంచు.

కొత్తకలం:
కాగితం తెచ్చి చూశాను. T కి ముందు చిన్నగా 3, పక్కన కామా లాంటి గీత. మూడో ప్రశ్న నంబరు అనుకుని వదిలేశాను. కుడి చివర 5 కూడా ఉంది. పైన ప్రశ్నలో 'టెంప్లేట్ పోగు' అని రాసుంది, అది అందరికీ తెలిసేదే అని టైపు చేయలేదు.

ముక్తసరి:
ఆ మూడూ మొదట్లోనే చెప్పుంటే ఇందాకే పడుకునేవారు.

సూక్ష్మదర్శిని:
ఇప్పుడు అంతా తేలింది. ఎంఆర్ఎన్ఏ తయారయ్యేది 5′ నుంచి 3′ వైపు. తయారుచేసే ఎంజైము మూస పోగును 3′ నుంచి చదువుతుంది. మీ కాగితంలో 3′ ఎడమ పక్కనే ఉంది కాబట్టి ఎడమ నుంచి కుడికి నేరుగా రాసుకుంటూ పోవచ్చు:

```
3′ TAC CGA TTC ACG ATT 5′   (మూస)
5′ AUG GCU AAG UGC UAA 3′   (ఎంఆర్ఎన్ఏ)
```

AUG మెథియోనిన్, GCU అలనిన్, AAG లైసిన్, UGC సిస్టీన్, UAA ఆగు. ఐదు కోడాన్లే, కానీ ఐదోదానికి అమైనో ఆమ్లం లేదు. మీ పట్టికలోని 64 గడుల్లో 61కి అమైనో ఆమ్లాలున్నాయి, మూడు ఆగమనేవి. అందుకే నాలుగు.

ఆ అంచు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఇవే అక్షరాలకు ఎడమ పక్క 5′ ఉందనుకోండి. అప్పుడు కుడి నుంచి చదవాలి:

```
5′ AAU CGU GAA UCG GUA 3′
```

ఆస్పరజిన్‌తో మొదలై వేలిన్‌తో ముగుస్తుంది. మెథియోనిన్ లేదు, ఆగడమూ లేదు. అక్షరం మారలేదు, చివరలు తారుమారైతే ప్రోటీనే మారిపోయింది.

వేగుచుక్క:
అంటే AUG రాకపోతే తప్పు చేసినట్టే అని గుర్తుపెట్టుకుంటే చాలు.

సూక్ష్మదర్శిని:
ఇలాంటి చిన్న వర్క్‌షీట్ల వరకు మంచి గుర్తే. కానీ కొన్నిసార్లు జీన్ మధ్యలోని ముక్క ఇస్తారు, దానికి AUG ఉండాల్సిన పని లేదు. జీన్ మధ్యలో AUG వస్తే అదీ మామూలు మెథియోనినే, కొత్త మొదలు కాదు.

కొత్తకలం:
వచ్చింది వచ్చింది. వాడికి తెల్లారాక చెబుతాను. నాలుగో ప్రశ్న: ఎన్ని టీఆర్ఎన్ఏలు కావాలి, వాటి యాంటీకోడాన్లేవి? ఐదా?

వేగుచుక్క:
ఐదు. కోడాన్‌కొకటి.

ముక్తసరి:
నాలుగు. UAA దగ్గరికి టీఆర్ఎన్ఏ రాదు. రిలీజ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ వచ్చి గొలుసు విడదీస్తుంది.

వేగుచుక్క:
మాకు స్కూల్లో ఐదనే చెప్పారు మరి.

కొత్తకలం:
సరే, నాలుగు. అయితే యాంటీకోడాన్లు UAC, CGA, UUC, ACG. నా పాత తప్పు జవాబు ఇక్కడ ఒప్పయింది 🙂

ముక్తసరి:
3′ నుంచి రాస్తేనే. 5′ నుంచి రాసే వాడుక ప్రకారం మొదటిది CAU.

సూక్ష్మదర్శిని:
పిల్లల వర్క్‌షీట్లలో కోడాన్ కింద దానికి ఎదురు అక్షరాలు రాయిస్తారు, కాబట్టి UAC అనే ఆశిస్తారు. పక్కన 3′, 5′ వేసేస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ముక్తసరి:
వేయకపోతే పట్టాలి.

సూక్ష్మదర్శిని:
ఆ వయసులో అంత పట్టింపు అవసరమా అన్నది నా సందేహం.

ముక్తసరి:
ఆ 3ని ప్రశ్న నంబరు అనుకునే మూడు గంటలు పోయాయి.

చుక్కలరాత్రి:
గుండ్రటి పట్టికతో యాంటీకోడాన్ నుంచి నేరుగా అమైనో ఆమ్లం కనుక్కోవచ్చా? నాకు రేపు పరీక్ష.

కొత్తకలం:
చివరిది. మూసలో 7వ అక్షరం T బదులు A అయితే? TTC కాస్తా ATC అవుతుంది, ఎంఆర్ఎన్ఏలో UAG. పట్టికలో అది కూడా ఆగు. అంటే మెథియోనిన్, అలనిన్, అంతేనా? రెండే?

ముక్తసరి:
అంతే.

అచ్చతెనుగు:
దీన్ని 'అర్థరహిత ఉత్పరివర్తనం' అంటారు, కానీ 'అర్థరహిత' అనడం సరికాదని నా అభిప్రాయం. ఆగమనడమూ ఒక అర్థమే కదా. 'అర్ధాంతర' అంటే

కొత్తకలం:
థాంక్సండీ అందరికీ. కాగితం మీద ఇప్పుడు కొట్టివేతలే ఎక్కువ, వేరేది ప్రింట్ తీయాలి.

చుక్కలరాత్రి:
నా ప్రశ్న ఎవరైనా చూశారా?