పెట్టె మధ్యలో సంభావ్యత సున్నా అయితే ఎలక్ట్రాన్ అటువైపు ఎలా వెళ్తుంది?

తొలకరి: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 1 నానోమీటరు పెట్టెలో ఎలక్ట్రాన్ n = 2 స్థితిలో ఉంటే ఎడమ సగంలో 50 శాతం, కుడి సగంలో 50 శాతం, సరిగ్గా మధ్యలో సున్నా. మధ్యలో ఎప్పుడూ ఉండని ఎలక్ట్రాన్ ఇటు నుంచి అటు ఎలా దాటుతుంది?

రేగడినేల: వీణ తీగను సరిగ్గా మధ్యలో వేలితో తేలికగా తాకి మీటి చూడండి. తాకిన చోట తీగ కదలదు, అయినా రెండు సగాలూ ఒకే స్వరాన్ని పలుకుతాయి. ఇక్కడా అంతే. ఎడమకు పోయే అల, కుడికి పోయే అల మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ద్రవ్యవేగం కొలిస్తే కచ్చితంగా +h/L గానీ –h/L గానీ వస్తుంది. కాబట్టి ఎలక్ట్రాన్ రెండు దిక్కులా పోతూనే ఉంది.

అంకెలగూడు: నా అనుభవం వేరుగా ఉంది. పెట్టె వెడల్పు 1 అనుకొని `np.linspace(0, 1, 100)` తో |ψ|² లెక్కించాను. మధ్యలో వచ్చిన విలువ సున్నా కాదు, సుమారు 0.002. కొద్దిగానైనా దారి ఉన్నట్టే కదా?

గోదారిగట్టు: అంకెలగూడు గారూ, 0 నుంచి 1 వరకు 100 బిందువులు తీసుకుంటే వాటిలో 0.5 ఉండదు. దానికి అతి దగ్గరి బిందువు కూడా 0.005 దూరంలో ఉంటుంది, మీకు వచ్చిన 0.002 అక్కడిది. 100 బదులు 101 పెట్టండి, సున్నా కనిపిస్తుంది.

రేగడినేల గారి వీణ పోలిక తరంగ రూపానికి చక్కగా సరిపోతుంది. ద్రవ్యవేగం మాట మాత్రం సగమే నిజం. అల గోడల దగ్గర తెగిపోతుంది కనుక కొలతలు ±h/L చుట్టూ విస్తరించి వస్తాయి, ఆ రెండు విలువలే రావు. పైగా ఈ స్థితిలో |ψ|² కాలంతో మారదు, సంభావ్యత ఏ దిక్కుకూ ప్రవహించదు. దాటడం అనే సంఘటన n = 2 స్థితిలో లేనే లేదు.

తొలకరీ, దాటిందని చెప్పాలంటే అది మొదట ఎడమవైపు ఉందని తెలియాలి కదమ్మా. ఎడమ సగంలో ఉందో లేదో మాత్రమే తేల్చే కొలత చేశామనీ, ఉందని తేలిందనీ అనుకో. అప్పుడు కుడివైపు దిబ్బ పోతుంది, ఎడమ దిబ్బ ఒక్కటే మిగులుతుంది. ఇది ఇక n = 2 స్థితి కాదు. ఇప్పుడు శక్తిని కొలిస్తే n = 2 వచ్చే అవకాశం 50 శాతం, n = 1 కు 36 శాతం, n = 3 కు 13 శాతం, మిగిలింది ఇంకా పై బేసి స్థాయిలకు. శక్తిని కొలవకుండా వదిలేస్తే ఒక్కో స్థాయి దశ ఒక్కో వేగంతో తిరుగుతుంది. బేసి n తరంగాలకు పెట్టె మధ్యలో సున్నా ఉండదు కనుక మధ్యలోని |ψ|² కూడా కొన్ని ప్రత్యేక క్షణాల్లో తప్ప సున్నాగా ఉండదు. నీ పెట్టెలో E₁ = h²/8mL² సుమారు 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. h/2E₁ కాలానికి, అంటే దాదాపు 5.5 ఫెమ్టోసెకన్లకు, బేసి స్థాయిలన్నీ n = 2 తో పోలిస్తే గుర్తు మార్చుకుంటాయి. ఎడమ దిబ్బ యథాతథంగా కుడివైపు నిలుస్తుంది. నువ్వడిగిన దాటడం ఇదే.

తొలకరి: అంటే సార్, ఎక్కడుందో చూడకముందు n = 2 లో ఉన్న ఎలక్ట్రాన్ కదులుతోందా, కదలడం లేదా?

రేగడినేల: ద్రవ్యవేగం విషయంలో నా పొరపాటు ఒప్పుకుంటున్నాను. కానీ కదలకపోతే n = 2 స్థితికి ఉండే 4E₁, అంటే సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజ శక్తి ఎక్కడిది?

గోదారిగట్టు: ఆ శక్తి తరంగ ప్రమేయపు వంపులో ఉంటుంది, దాన్ని పరుగెత్తే గోళీ వేగంగా చదవనవసరం లేదు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కదులుతోందా అన్న ప్రశ్నకు మాత్రం ఒకే జవాబు లేదు. డేవిడ్ బోమ్ 1952 లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం కణానికి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది, ఈ స్థితిలో అది కదలకుండా నిలిచి ఉంటుంది. ఐన్‌స్టీన్ 1953 లో సరిగ్గా ఈ పెట్టె ఉదాహరణతోనే అభ్యంతరం చెప్పాడు: పెద్ద పెట్టెలో గోడల మధ్య ఎగిరిపడే బంతి నిశ్చలంగా ఉందనడం ఎలా కుదురుతుందని. గోడలు తీసేస్తే అది వెంటనే కదులుతుందని బోమ్ పక్షం వాదన. నాకది తృప్తినివ్వలేదు.

రేగడినేల: నాకిచ్చింది. ద్రవ్యవేగం కొలవాలంటే గోడలు తీసి ఎలక్ట్రాన్‌ను పోనివ్వాలి కదా. అప్పుడు వచ్చే వేగం అంతకుముందే ఉండి తీరాలన్న పట్టుదల దేనికి?

గోదారిగట్టు: పెద్ద n దగ్గర మనం కళ్లారా చూసే బంతి అటూ ఇటూ ఎగురుతూనే ఉంటుంది కాబట్టి. అయితే ఆ బంతి ఒకే n స్థితిలో ఉండదు, ఎన్నో స్థాయిల కలయికలో ఉంటుందని మీరు అంటారు, అది కాదనలేను.