వాల్వ్ స్ప్రింగ్ కింద 3 ఎంఎం షిమ్ పెడితే లైఫ్ తగ్గుతుందా? (ప్రీలోడ్, మీన్ స్ట్రెస్, గుడ్‌మన్ గొడవ)

కోటి_జీపు:
అన్నలూ, పాత జీపు పెట్రోల్ ఇంజిన్ హెడ్ విప్పాం. పై ఆర్పీఎంలో వాల్వ్ ఫ్లోట్ అవుతోందని మా మేస్త్రీ ఒక్కో స్ప్రింగ్ కింద 3 ఎంఎం షిమ్ వేద్దామంటున్నాడు. క్యామ్ లిఫ్ట్ మారదు, ఊగేది అంతే ఊగుద్ది, కాబట్టి స్ప్రింగ్‌కి ఏం కాదంటాడు, నిజమేనా? స్ప్రింగులు లోకల్‌గా చుట్టించినవి, తీగ క్రోమ్ సిలికాన్ 4 ఎంఎం, కాయిల్ సెంటర్ డయా 28, పనిచేసే చుట్లు 5, ఫ్రీ లెంగ్త్ 55. వాల్వ్ మూసి ఉన్నప్పుడు లోడ్ 320 న్యూటన్లు, లిఫ్ట్ 9 ఎంఎం.

ప్రెస్‌టూల్_రమణ:
వేసేయ్ తమ్ముడూ, భయపడకు. ప్రీలోడ్ ఎక్కువుంటే స్ప్రింగ్ ఎక్కువ కాలం ఉంటది, తక్కువుంటేనే విరుగుద్ది. మా డైలో లిఫ్టర్ స్ప్రింగులు పుటుక్కు పుటుక్కున పోయేవి, ప్రీలోడ్ పెంచాక ఒక్కటి విరగలేదు. బోల్ట్ చూడు, బాగా బిగిస్తే ఫెటీగ్ రాదు, లూజుగా ఉంటే తెగుద్ది. ఇదీ అంతే.

బాలానగర్_భాస్కర్:
రమణ గారూ, బోల్ట్ కథ వేరండీ. బోల్ట్ బిగిస్తే బయటి లోడ్‌లో ఎక్కువ భాగం జాయింట్ మోస్తుంది, బోల్ట్‌లో ఊగే స్ట్రెస్ తగ్గుతుంది. ఇక్కడ స్ప్రింగ్‌కి పక్కన సాయం పట్టేవాడు ఎవడూ లేడు, 9 ఎంఎం లిఫ్ట్ మొత్తం అదే నొక్కుకోవాలి. షిమ్ వేస్తే ఊగే స్ట్రెస్ అలాగే ఉండి మీన్ స్ట్రెస్ పైకి పోతుంది, లైఫ్ తగ్గుతుంది.

గేట్_ర్యాంకర్_19:
టార్షన్‌లో మీన్ స్ట్రెస్ ప్రభావం ఉండదు బ్రో. నున్నటి షాఫ్ట్ ముక్కల మీద టెస్టుల్లో యీల్డ్ దాటనంతవరకు మీన్ షియర్ ఎంతున్నా ఎండ్యూరెన్స్ మారలేదు, ఇది సైన్స్ చెప్పిందే. హెలికల్ స్ప్రింగ్ తీగలో ఉన్నది టార్షనే. అసలు గుడ్‌మన్ గీత బెండింగ్‌కి, ఇక్కడ గీయడమే తప్పు.

వాల్వ్‌లెస్_వెంకట్:
టూ స్ట్రోక్ కొనుక్కోండయ్యా, వాల్వే ఉండదు, గొడవే ఉండదు 😄

బాలానగర్_భాస్కర్:
గేట్ తమ్ముడూ, సగం మాటే చెప్పావు. ఆ ముక్కలు పాలిష్ చేసినవి, నాచ్ లేనివి. స్ప్రింగ్ తీగ మీద డ్రాయింగ్‌లో పడ్డ సన్నటి గీతలుంటాయి, హీట్ ట్రీట్‌మెంట్‌లో కార్బన్ పోయిన పొర ఉంటుంది, పైగా చుట్టు వంపు వల్ల లోపలి వైపు స్ట్రెస్ ఎక్కువ. అంటే నాచ్ ఉన్నట్టే లెక్క. అందుకే స్ప్రింగులకి విడిగా టెస్ట్ చేసిన డేటా వాడతాం. జిమ్మర్లి డేటా ప్రకారం పీనింగ్, అంటే సన్నటి ఉక్కు గుళ్లతో తీగ పైపొరని కొట్టడం, లేని స్టీల్ స్ప్రింగ్, తీగ 10 ఎంఎం లోపు ఉంటే, మీన్ 379 ఉన్నప్పుడు 241 మెగాపాస్కల్ ఆంప్లిట్యూడ్ దాకా విరగకుండా ఎన్నాళ్లైనా నడుస్తుంది. పీనింగ్ చేస్తే 534 మీన్ దగ్గర 398. ఆ పాయింట్ నుంచి తీగ అల్టిమేట్ షియర్ దాకా గీసేదే మన గీత.

ఇప్పుడు కోటి లెక్క. స్ప్రింగ్ రేటు సుమారు 23 న్యూటన్లు ఒక ఎంఎంకి, కాబట్టి లోడ్ 320 నుంచి 528 దాకా ఊగుతుంది. వాల్ ఫ్యాక్టర్ 1.21 వేస్తే స్ట్రెస్ 432 నుంచి 713. మీన్ 573, ఆంప్లిట్యూడ్ 141. ఈ తీగ టెన్సైల్ 1700 దగ్గర, అందులో 0.67 వంతు షియర్ అల్టిమేట్, అంటే 1139. పీనింగ్ చేశారో లేదో తెలీదు కాబట్టి లేదనే అనుకుందాం, అప్పుడు గీత ఆంప్లిట్యూడ్ అక్షాన్ని 361 దగ్గర కోస్తుంది.

τa/Sse + τm/Ssu = 141/361 + 573/1139 = 0.89

అంటే సేఫ్టీ 1.12. ఇప్పుడు 3 ఎంఎం షిమ్ వేస్తే లోడ్ కిందా పైనా 69 న్యూటన్లు పెరుగుతుంది, స్ట్రెస్ 94 పెరుగుతుంది. ఆంప్లిట్యూడ్ అదే 141, మీన్ 667, మొత్తం 0.98. సేఫ్టీ 1.02, అంటే గీత మీద నిలబడ్డట్టే.

ప్రెస్‌టూల్_రమణ:
లెక్కలు బానే ఉన్నాయి గానీ మా డైలో ఇదే పని చేశాక విరగడం ఆగింది, దానికేం చెప్తారు? కాగితం మీద గీత గీసుకుంటే అయిపోతుందా? నేను కళ్లారా చూశాను. పైగా మీ లెక్కలోనే 1.02 వచ్చింది, ఒకటి దాటింది, అంటే విరగదనే కదా.

నాగులు_గ్యారేజ్:
ఈ స్ప్రింగ్ చుట్టేవాళ్లంతా ఇంతే సార్. నేను జీపు ముందు సస్పెన్షన్ స్ప్రింగులు చుట్టించాను, ఒకటి రెండు నెల్లకే విరిగింది, తీసుకెళ్తే ఓవర్‌లోడ్ చేశావు అని నా మీదే పెట్టారు, బండిలో నేనూ మా ఆవిడా తప్ప ఎవరూ ఎక్కలేదు. ఇప్పుడు షిమ్ వేస్తే రేపు విరిగాక షిమ్ వల్లే అంటారు, ఆళ్ల మెటీరియల్ సంగతి ఎవరూ అడగరు.

బాలానగర్_భాస్కర్:
నాగులు గారూ, మీ విరిగిన ముక్క ఉంటే అది తెగిన మొహం ఫోటో పెట్టండి, ఈ త్రెడ్‌లో కాదు విడిగా మాట్లాడదాం. రమణ గారూ, 1.02 అంటే లెక్క కరెక్టుగా ఉండి, మెటీరియల్ పుస్తకంలో ఉన్నట్టే ఉండి, స్ప్రింగ్ నెమ్మదిగా ఊగితే అన్నమాట. కోటి షిమ్ వేసేదే ఆర్పీఎం పెంచడానికి. పెంచితే చుట్లలో సర్జ్ వస్తుంది, అలలాగా అటూ ఇటూ కొట్టుకుంటూ ఆంప్లిట్యూడ్‌ని పెంచుతుంది. ఓ 20 మెగాపాస్కల్ కలిసిందనుకోండి, షిమ్ లేకపోతే 0.95, ఉంటే 1.03, గీత దాటేసింది. ఉన్న మార్జిన్ అంతా అందుకోసమే.

ప్రెస్‌టూల్_రమణ:
మీరు మళ్లీ మళ్లీ అదే చెప్తున్నారు, నా ప్రశ్నకి జవాబు లేదు. ప్రీలోడ్ పెంచాను, లైఫ్ పెరిగింది. అవునా కాదా? స్ప్రింగ్ షాపులో ఏసీ కింద కూర్చుంటే ఇవి తెలీవు సార్.

బాలానగర్_భాస్కర్:
మా షాపులో ఏసీ కాదు, ఫర్నేస్ ఉంది. మీరు ఎలా పెంచారో ఇప్పటిదాకా ఒక్క మాట చెప్పలేదు, డై అంటారు, ఆగింది అంటారు. కింద ప్యాకింగ్ వేశారా? స్ప్రింగ్ మార్చారా? స్ట్రోక్ అలాగే ఉందా? చెప్పకుండా జవాబు లేదంటే ఎలా అండీ!

ప్రెస్‌టూల్_రమణ:
ప్యాకింగ్ ఏం వేయలేదు. లిఫ్టర్ మరీ పైకి లేస్తోందని పైన స్టాప్ కిందికి దించాం. అందువల్ల ఓపెన్‌లో కూడా స్ప్రింగ్ ఎక్కువ నొక్కుకుని ఉంటది. డై మూసుకునే ఎత్తు ఎప్పటిదే. ప్రీలోడ్ పెరిగిందా లేదా?

సుజాత_ఎన్‌డీటీ:
ఇదన్నమాట అసలు తేడా. రమణ గారు పై స్ట్రెస్ అలాగే ఉంచి కింది స్ట్రెస్ పెంచారు, అంటే ఊగేది తగ్గించారు. కోటి ఊగేది అలాగే ఉంచి రెండూ పైకి జరుపుతున్నాడు. ఇద్దరూ ప్రీలోడ్ అనే అంటున్నారు. కోటి స్ప్రింగ్‌నే రమణ గారి పద్ధతిలో చూస్తే, మాక్సిమమ్ 713 అలాగే ఉంచి మినిమమ్‌ని 432 నుంచి అదే 94 పెంచి 526 చేస్తే, ఆంప్లిట్యూడ్ 94కి పడిపోతుంది, మీన్ 620 అవుతుంది. మొత్తం 0.80, సేఫ్టీ 1.24. మినిమమ్ రెండిట్లోనూ అంతే పెరిగింది, ఒకదాంట్లో 1.12 నుంచి 1.02కి దిగింది, ఇంకోదాంట్లో 1.24కి ఎక్కింది. ఎందుకంటే ఈ గీత వాలు తక్కువ, మూడు మీన్ పెరిగితే ఎంత నష్టమో ఒక్క ఆంప్లిట్యూడ్ పెరిగినా సుమారు అంతే నష్టం. రమణ గారి కేసులో 47 మీన్ పెరిగింది, 47 ఆంప్లిట్యూడ్ తగ్గింది, లాభమే మిగిలింది. కోటి కేసులో 94 మీన్ ఊరికే పెరిగింది, బదులుగా ఏమీ తగ్గలేదు.

వాల్వ్‌లెస్_వెంకట్:
అరగంట కొట్టుకున్నది ఏది పట్టుకుని ఏది వదిలారో చెప్పకుండానా 🙏

ప్రెస్‌టూల్_రమణ:
అదే నేను చెప్పింది, ప్రీలోడ్ పెరిగితే మంచిదని.

బాలానగర్_భాస్కర్:
మీ డైలో మంచిది. జీపు వాల్వ్‌కి లిఫ్ట్ ఎంతో క్యామ్ నిర్ణయిస్తుంది, మీరు స్టాప్ వేస్తే రాకర్ వంగుద్ది.

గేట్_ర్యాంకర్_19:
సరే, మీన్ ప్రభావం ఉందనే ఒప్పుకుందాం, కానీ మీన్‌కి కూడా పూర్తి వాల్ ఫ్యాక్టర్ ఎందుకేశారు? అందులో వంపు వల్ల వచ్చేది స్ట్రెస్ కాన్సంట్రేషన్, అది స్థిరంగా ఉన్న లోడ్‌కి లెక్కలోకి రాదు. మీన్‌కి 1 + 0.5/C మాత్రమే వేస్తే 1.07, మీన్ 573 కాదు 506. మొదటి మొత్తం 0.83కి వస్తుంది. అంటే షిమ్ వేసినా మార్జిన్ ఉంటుంది.

బాలానగర్_భాస్కర్:
అలా చేసేవాళ్లున్నారు, రెండు పద్ధతులూ పుస్తకాల్లో ఉన్నాయి. నేను మాత్రం రెండిటికీ వేస్తాను, ఎందుకంటే లోపలి వైపు తీగ అంత గట్టిగా ఉన్నప్పుడు అది కొంచెం కూడా సాగి సర్దుకోదు. లోకల్‌గా చుట్టించి, పీనింగ్ తెలీని స్ప్రింగ్ మీద ఉదారంగా లెక్కేయడం నాకు ఇష్టం లేదు.

గేట్_ర్యాంకర్_19:
ఇష్టం అంటే ఇంజినీరింగ్ కాదు కదా అన్నా.

సుజాత_ఎన్‌డీటీ:
కోటి, ఫ్రీ లెంగ్త్ 55 అన్నది ఇప్పుడు కొలిచిందా, చుట్టించేటప్పుడు ఆర్డర్ ఇచ్చిందా? స్ప్రింగ్ కుంగి 52కి వచ్చి ఉంటే షిమ్ మీన్‌ని పెంచదు, పోయిన లోడ్‌నే వెనక్కి తెస్తుంది, అప్పుడు కథ మారిపోతుంది.

కోటి_జీపు:
ఇప్పుడే వెర్నియర్‌తో కొలిచాను మేడమ్, అన్నీ 55కి అటూ ఇటూ. కుంగలేదు. పీనింగ్ గురించి అడిగితే చుట్టినాయన, అదేంటి అన్నాడు 😐

సుజాత_ఎన్‌డీటీ:
అయితే పీనింగ్ లేదనే అనుకో, భాస్కర్ గారు లెక్క కట్టినట్టే. ఇంకోటి, మొత్తం చుట్లు 7 ఉంటాయి, పూర్తిగా నొక్కితే 28 ఎంఎం. అంటే 27 ఎంఎం కదలొచ్చు. ఇప్పుడు లిఫ్ట్ చివర దాకా నొక్కేది సుమారు 22.8, మిగిలేది 4.2. షిమ్ వేస్తే 1.2 మాత్రమే. సర్జ్ వచ్చినప్పుడు చుట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, తీగ మీద గుంటలు పడతాయి, ఆ గుంటల దగ్గరే క్రాక్ మొదలవుతుంది. అప్పుడు ఈ గుడ్‌మన్ లెక్క కూడా పనికిరాదు. ఒక్కటి తీసి భూతద్దంతో చుట్టు లోపలి వైపు చూడు, సన్నటి మెరిసే మచ్చలు, తుప్పు గుంటలు కనిపిస్తే షిమ్ మాట కాదు, స్ప్రింగులే మార్చాలి.

ప్రెస్‌టూల్_రమణ:
1 ఎంఎం వేస్తే ఏం పోదు కదా, అదైనా చెప్పండి.

బాలానగర్_భాస్కర్:
1 ఎంఎంకి 0.92 వస్తుంది, సేఫ్టీ 1.09. నడుస్తుంది, కానీ వాల్వ్ ఫ్లోట్ 23 న్యూటన్లతో ఆగుతుందా అన్నది నేను చెప్పలేను. నాకైతే పీనింగ్ చేసిన స్ప్రింగ్ పెట్టి 3 ఎంఎం వేసుకోవడం మేలు. దానికి అదే గీత 749 దగ్గర కోస్తుంది, మొత్తం 0.77 వస్తుంది. అప్పుడు కూడా చుట్ల గ్యాప్ సమస్య ఉంటుంది, కాబట్టి ఫ్రీ లెంగ్త్, చుట్ల సంఖ్య రెండూ మళ్లీ చూసుకోవాలి.

కోటి_జీపు:
మేస్త్రీకి ఫోన్‌లో వినిపించాను. నాకు గీతలు చెప్పకు, నేను ముప్పై ఏళ్లుగా షిమ్ వేస్తున్నా అంటున్నాడు. ఎన్ని విరిగాయని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

నాగులు_గ్యారేజ్:
సార్ నా సస్పెన్షన్ ముక్క ఫోటో ఎక్కడ పెట్టాలి?