మాకే సరిగా రాని సంజ్ఞా భాషను పసిబిడ్డకు ఎలా అందించాలి?

మా పాపకు 14 నెలలు, పుట్టుకతోనే వినికిడి లేదు. తొలి ఏళ్లలో ఏదో ఒక భాష పూర్తిగా అందని పిల్లలకు తర్వాత వ్యాకరణం గట్టిగా పట్టుబడడం కష్టమని తెలిసి, నేనూ నా భర్తా ఆరు నెలలుగా సంజ్ఞా భాష నేర్చుకుంటున్నాము.

పదాలు వస్తున్నాయి కానీ వ్యాకరణం రావడం లేదు. ‘ఇవ్వు’ అనే సంజ్ఞ ఇచ్చేవారి వైపు నుండి పుచ్చుకునేవారి వైపు కదలాలి. ఆ దిశే కర్త ఎవరో, గ్రహీత ఎవరో చెబుతుంది. మేము మాత్రం దానిని ఒకే చోట చూపి, తెలుగు వాక్యంలోని వరుసలో మిగతా పదాలను పేర్చేస్తున్నాము. ప్రశ్న అడిగేటప్పుడు కనుబొమలను కదపడం కూడా మరచిపోతున్నాము, అది లేకపోతే అవును-కాదు అని జవాబిచ్చే ప్రశ్న మామూలు వాక్యంగా మారిపోతుంది.

అమెరికన్ సంజ్ఞా భాషలో తల్లిదండ్రులు తప్పులతో సంజ్ఞలు చేసినా, వారి బధిర బిడ్డ వారికంటే క్రమబద్ధంగా సంజ్ఞలు చేశాడని 2004లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. అయితే అది ఒక్క బిడ్డ కథ, అందుకే నాకు పూర్తి ధైర్యం రావడం లేదు.

మరొక చిక్కు: మా ఇద్దరు బధిర ఉపాధ్యాయులు వేర్వేరు ప్రాంతాలవారు కావడంతో, కొన్ని పదాలకు వారి సంజ్ఞలు వేరు. ఇంట్లో ఒక్కటే వాడాలా, రెండూ చూపవచ్చా? బధిరులైన పెద్దలతో పాప వారానికి ఎన్ని గంటలు గడిపితే మా లోటు తీరుతుంది? ఈ దారిలో నడిచిన తల్లిదండ్రులు, ముఖ్యంగా బధిరులు, దయచేసి చెప్పగలరు.